‘ఏఎస్‌ఏపీ’ అంటే ఎన్ని గంటలకు? పై అధికారిని మర్యాదగా ఎలా అడగాలి?

బెజవాడ_లెక్కలు | బుధవారం, 17వ తేదీ, సాయంత్రం 7:05

అందరికీ నమస్కారం. విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ సంస్థలో అకౌంట్స్ చూస్తాను. రాత్రి భోజనం వేళలోపు ఒక మెసేజ్ పంపాలి, మాటలు కుదరక ఇక్కడ అడుగుతున్నాను.

సాయంత్రం 5:40కి బ్యాగు సర్దుకుంటుంటే మా మేనేజర్ గారి నుంచి వాట్సాప్ వచ్చింది. “రావలసిన బాకీల లిస్టు ASAP” అని అంతే. నేను “సరే సర్” అని పెట్టి బస్సెక్కాను. ఎక్కాక భయం మొదలైంది. ఈ రాత్రికా, రేపు పొద్దునకా, ఈ వారంలోగానా?

భయానికి కారణం ఉంది. పోయిన నెల ఇలాగే ఏఎస్‌ఏపీ అంటే ఆఫీసులోనే ఉండిపోయి, రాత్రి 9:30 దాటాక ఒక రిపోర్టు పంపి ఇంటికి వెళ్లాను. ఆయన దాన్ని మూడో రోజు సాయంత్రం తెరిచారు. “ఇది సోమవారం మీటింగ్‌కు కదా” అన్నారు. నేనేమీ అనలేదు.

ఈసారి చేతిలో జీఎస్టీ పని ఉంది. 3బి రిటర్ను 20వ తేదీలోగా వేయాలి. 2బిలో, అంటే సరఫరాదారులు చూపిన లెక్కలో, కనిపిస్తున్న బిల్లులకు, మా పుస్తకాల్లో ఉన్నవాటికి 14 చోట్ల పొంతన కుదరలేదు. అవి తేలితేగానీ ఈ నెల ఎంత పన్ను కట్టాలో చెప్పలేను.

నేను రాసుకున్న మెసేజ్ ఇది:

“సర్, ఏఎస్‌ఏపీ అంటే ఎప్పటికి? నాకు 3బి పని కూడా ఉంది. దయచేసి స్పష్టంగా చెప్పగలరు.”

మా అక్కకు చూపిస్తే “తగవుకు వెళ్తున్నట్టుంది” అంది. ఎలా మార్చాలి?

---

మిత్ర77 | 7:14

3బి ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు పడుతుంది, కట్టవలసిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. కాబట్టి ముందు అది చేసేయండి. మాకు రెండేళ్ల క్రితం ఒక్క రోజు ఆలస్యమైంది, పోర్టల్ తెరుచుకోక.

---

బెజవాడ_లెక్కలు | 7:17

థాంక్సండీ, లేటు ఫీజు సంగతి తెలుసు. నేను అడిగేది ఆయనకు ఏమని రాయాలి అని.

---

నేరుగా_మాట | 7:21

ఏఎస్‌ఏపీ అంటే ఈ రోజే. అందులో సందేహం ఏముంది? రేపటికైతే ‘రేపు’ అనే రాసేవారు. అర్థం అడగడమే తప్పు. ఇక అడిగి తీరాలంటే ఫోన్ చేయండి. రెండు నిమిషాల పనికి మెసేజ్ కూర్చుకుంటూ గంట పోగొడుతున్నారు.

---

పాతకాపు | 7:34

ఫోన్ అన్నమాట సగం నిజం. ఆయన ఎత్తేవారైతే చేయవచ్చు. కానీ ‘ఏఎస్‌ఏపీ అంటే ఈ రోజే’ అన్నది ఇరవై రెండేళ్లు అకౌంట్స్‌లో పనిచేసిన నేను ఒప్పుకోను. ఈ మాటలో గడియారం లేదు. వీలైనంత త్వరగా అంటున్నారు, వీలు ఎవరిదో చెప్పడం లేదు. పంపినవారి మనసులో తమ వీలు ఉంటుంది, చదివినవారికి భయం ఉంటుంది.

బెజవాడ గారూ, మీ మెసేజ్ సంగతికి ముందు ఒక ప్రశ్న. ఆ లిస్టు తీయడానికి మీకు నిజంగా ఎంతసేపు పడుతుంది? ట్యాలీలో బటన్ నొక్కితే ఐదు నిమిషాల్లో రాదూ?

---

బెజవాడ_లెక్కలు | 7:41

వస్తుంది, కానీ తప్పుగా వస్తుంది. అదే నా బాధ. పార్టీలు డబ్బు పంపినప్పుడు ఏ బిల్లుకు ఎంతో చెప్పరు. మేము హడావిడిలో ‘ఆన్ అకౌంట్’ అని వేసేస్తాం. తర్వాత బిల్లులవారీగా సర్దాలి, రెండు నెలలుగా సర్దలేదు. ఉదాహరణకు ఒక పార్టీ ఆగస్టు బిల్లుకు 1,40,000 కట్టేశాడు. ట్యాలీలో ఆ బిల్లు ఇంకా బాకీగానే, వంద రోజులు దాటినట్టుగా కనిపిస్తుంది. ఆ డబ్బు విడిగా ఒక మూల జమగా కూర్చుని ఉంటుంది. ఇలాంటివి నలభై పైనే. అన్నీ సరిచూడాలంటే నాలుగు గంటలు.

---

పాతకాపు | 7:53

అదీ అసలు సంగతి. మీ మేనేజర్ గారికి ఇది ఐదు నిమిషాల పని అన్న లెక్క ఉంది. అందుకే గంట చెప్పలేదు. ఐదు నిమిషాల పనికి ఎవరూ గంట చెప్పరు. మీకు అది నాలుగు గంటల పని అని తెలుసు, కానీ మీ మెసేజ్‌లో ఆ మాటే లేదు. 3బి ఉందని రాశారుగానీ, అది ఆయనకు ‘నాకు తీరిక లేదు’ అన్నట్టు వినిపిస్తుంది.

ఇంకో సంగతి. ‘ఎప్పటికి కావాలి’ అని ఖాళీ ప్రశ్న వేస్తే నూటికి తొంభై సార్లు ‘త్వరగా’ అన్న జవాబే వస్తుంది. అడిగిన మాటే తిరిగి వస్తుంది. అందుకని గంట మీరే పెట్టాలి. ‘రేపు మధ్యాహ్నం 2 గంటలకు ఇస్తాను, సరిపోతుందా?’ అంటే ఆయన సరిపోతుందనో, లేదు 11కే కావాలనో అంటారు. మనిషికి గంట పుట్టించడం కష్టం, ఎదుటివాళ్లు పెట్టిన గంటను దిద్దడం తేలిక.

దానికి తోడు, ఆ లిస్టు ఎవరి ముందు పెట్టాలో అడగండి. ఆయన కోసమే ఆయన అడగరు. ఏఎస్‌ఏపీ వెనుక ఎప్పుడూ మూడో మనిషి ఉంటాడు. యజమానో, ఆడిటరో, బ్యాంకో. ఆ మూడో మనిషి గడియారమే మీ గడియారం.

---

అక్షరం | 8:02

ఒక చిన్న భాషా సంగతి, విసుక్కోకండి. ‘చెప్పగలరు’ అని రాయకండి. ‘చెప్పగలరా’ అనండి. ‘చెప్పగలరు’ అంటే మీకు చెప్పే శక్తి ఉంది అని. ఆఫీసు ఉత్తరాల్లో ఇది మర్యాదగా స్థిరపడిపోయిందని తెలుసు, ‘తెలియజేయగలరు’ అని ముగియని సర్క్యులర్ ఉండదు. కానీ సర్క్యులర్‌లో అది పై నుంచి కిందికి వచ్చే మాట. కింది నుంచి పైకి పంపితే ఆజ్ఞలా ఉంటుంది.

అంతకన్నా ముఖ్యం, ‘అంటే’. “ఏఎస్‌ఏపీ అంటే ఎప్పటికి?” అన్నప్పుడు ఆయన మాటను నిలదీస్తున్నట్టు ఉంది. ‘స్పష్టంగా’ అన్న మాట కూడా తీసేయండి. అది ఉన్నంతసేపూ మీరు అస్పష్టంగా చెప్పారు అని వినిపిస్తూనే ఉంటుంది. మీ అక్కకు తగవులా తోచింది ఈ రెండు మాటల వల్లే.

---

నేరుగా_మాట | 8:05

‘చెప్పగలరు’ మీద వ్యాసం రాసే లోపు ఆ లిస్టు సగం అయ్యేది.

---

డాలస్_తమ్ముడు | 8:09

ఇది చదువుతుంటే మా ప్రాజెక్టు గుర్తొచ్చింది. నేను డాలస్‌లో, మా టీమ్ హైదరాబాద్‌లో. ఇక్కడి మేనేజర్ ‘ఈ రోజు పని ముగిసేలోపు’ అని రాసేది. ఆమె ఉద్దేశం డాలస్ సాయంత్రం 5. అది హైదరాబాద్‌లో మర్నాటి తెల్లవారుజాము 3:30, ఇక్కడ చలికాలంలో గడియారం వెనక్కి తిప్పాక 4:30. అక్కడి పిల్లలు మాత్రం తమ సాయంత్రం 6 అనుకుని పరుగెత్తి, పరీక్షించడం మానేసి పంపేశారు. తొమ్మిదిన్నర గంటలు చేతిలో ఉండగా! తప్పు బయటపడ్డాక తిట్లు తిన్నది మాత్రం వాళ్లే.

అప్పటి నుంచి మేము తేదీ, వారం, గంట, ఏ ఊరి గంట అన్నీ రాస్తాం. ‘గురువారం 18, మన సమయం ఉదయం 11’ అని. ‘రేపు’ అన్న మాట అర్ధరాత్రి దాటాక చదివేవాడికి ఎల్లుండి అవుతుంది.

---

పాతకాపు | 8:16

బెజవాడ గారికి ఊళ్ల గొడవ లేదుగానీ వారం, గంట రాయాలన్నది ఖాయం. మన ‘పొద్దున’ ఐదు నుంచి పదకొండు వరకు ఎక్కడైనా ఉంటుంది.

---

రిటైర్డ్_సూపరింటెండెంట్ | 8:20

కలెక్టరేట్‌లో ముప్పై మూడేళ్లు ఫైళ్లతో బతికాను. మా దగ్గర ఏఎస్‌ఏపీ లేదు, ఫైలు మీద స్లిప్పులు ఉండేవి. కేంద్ర సచివాలయ కార్యవిధాన గ్రంథంలో కూడా ‘ఇమ్మీడియట్’, ‘ప్రయారిటీ’ అని మెట్లున్నాయి. ‘ఇమ్మీడియట్’ను వెంటనే చూడక తప్పనివాటికే వాడమన్నారు. ఫైలు ముందుకు వెళ్లేకొద్దీ ఆ మెట్టు ఇంకా అవసరమా అని మళ్లీ చూసి మార్చమని కూడా అందులో ఉంది.

మార్చేవారెవరు? అంటించిన స్లిప్పు అలాగే ఉండిపోయేది. ఒక వేసవిలో మా బల్ల మీద నలభై ఫైళ్లుంటే ముప్పై ఒకటికి ఎర్ర స్లిప్పు. మా హెడ్ క్లర్కు ఒక పని చేశాడు. ఎర్ర స్లిప్పులన్నీ పక్కన పెట్టి, ఏ ఫైలు కోసం ఎవరు ఫోన్ చేశారో ఒక కాగితం మీద రాసుకునేవాడు. రెండోసారి ఫోన్ వచ్చిన ఫైలు ముందు తీసేవాడు. తప్పు పద్ధతే, గట్టిగా అరిచినవారి పని అయ్యేది. కానీ మాకు ఇంకో దారి తోచలేదు.

---

ఒక_మేనేజర్ | 8:27

అవతలి బల్ల నుంచి రాస్తున్నాను. నేనూ ఏఎస్‌ఏపీ అని రాస్తాను, ఒప్పుకుంటున్నాను. ఎక్కువసార్లు అది నా మాట కాదు. మా యజమాని నాకు పంపింది యథాతథంగా కిందికి తోసేస్తాను. ఆయనకు ఎప్పటికి కావాలో నేనే అడగలేదు, నా కింది మనిషికి ఏం చెప్పను? కొన్నిసార్లు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కొట్టిన మెసేజ్ అది. ఒకే మనిషికి ఒక్క రోజులో మూడు పంపి, మూడూ మరిచిపోయిన సందర్భం ఉంది.

ఎవరైనా గంట పెట్టి అడిగితే నాకు కోపం రాదు, ఊరటగా ఉంటుంది. కోపం వచ్చేది ఎప్పుడంటే, ఐదు ప్రశ్నలతో వచ్చినప్పుడు. ఏ తేదీ వరకు, ఏ ఫార్మాట్, ఎక్సెల్లా పీడీఎఫ్‌నా, ఎవరికి కాపీ, ఎప్పటికి అని. అన్నీ చదివి చివరిదానికే జవాబిస్తాను. కాబట్టి ప్రశ్నలు రెండుకు మించనివ్వకండి. గంట, వరుస. మిగిలినవి మీరే తేల్చుకోండి, తప్పయితే దిద్దుతాను.

---

పాతకాపు | 8:36

సరే, అందరి మాటలూ కలిపి ఒకటి రాస్తున్నాను. బెజవాడ గారూ, మీ ఇంటి మాటల్లోకి మార్చుకోండి.

“సర్, బాకీల లిస్టు పని రేపు ఉదయం 9:30కి మొదలుపెడతాను. కొన్ని పార్టీల నుంచి వచ్చిన డబ్బు బిల్లులవారీగా సర్దలేదు కాబట్టి, సరిచూసిన పూర్తి లిస్టు రేపు (గురువారం) మధ్యాహ్నం 2 గంటలకు ఇవ్వగలను. అంతకన్నా ముందు ఎవరికైనా చూపించవలసి ఉంటే ఆ సమయం చెప్పండి. అప్పటికి పెద్ద బాకీలున్న 20 పార్టీల వరకు సరిచూసి ఇస్తాను. ఇది ముందు చేస్తే, 3బికి కట్టవలసిన పన్ను ఎంతో రేపు సాయంత్రానికి బదులు శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకు తేలుతుంది. ఈ వరుస సరేనా సర్?”

ఇందులో ఏఎస్‌ఏపీ అన్న మాటే లేదు చూశారా. దాని అర్థం అడుగుతున్నాం, దాన్ని ఎత్తిచూపకుండా. ‘నాకు పని ఉంది’ అన్నది కూడా లేదు. ఆ స్థానంలో ఏది ఎంత వెనక్కి జరుగుతుందో ఉంది. మీ తీరిక గురించి మేనేజర్‌కు పట్టకపోవచ్చు, పన్ను మొత్తం శుక్రవారందాకా తెలియదంటే పడుతుంది. యజమాని ఆ డబ్బు సర్దుకోవాలి కదా.

20 పార్టీలన్న అంకె నేను వేసింది. మీ పుస్తకంలో ఎన్ని పార్టీలకు మొత్తం బాకీలో ఎక్కువ భాగం ఉందో చూసి మార్చండి.

---

అక్షరం | 8:40

బాగుంది. ‘సరేనా సర్’ మరీ చనువుగా ఉందనుకుంటే ‘ఈ వరుసలో చేయమంటారా?’ అనండి.

---

నేరుగా_మాట | 8:43

పొడుగైంది. మా ఆఫీసులో ఇంత పొడుగు మెసేజ్ పంపితే ‘కాల్ మీ’ అని వస్తుంది.

---

బెజవాడ_లెక్కలు | 8:49

పంపేశాను! ‘చేయమంటారా’ అని మార్చి. 20 పార్టీలు సరైన అంకే, మాకు 130 పార్టీలున్నా బాకీలో ముప్పాతిక వంతు వాళ్ల దగ్గరే ఉంది. రెండు టిక్కులు పడ్డాయి, ఇంకా నీలం కాలేదు. అన్నం తినడానికి వెళ్తున్నాను.

---

బెజవాడ_లెక్కలు | 9:22

జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

“12కి బ్యాంకులో ఉండాలి. 11:15కల్లా ఇవ్వండి. 90 రోజులు దాటినవి విడిగా చూపండి. 20 పార్టీలు చాలు. 3బి కూడా ముఖ్యమే.”

మొదటి నాలుగు వాక్యాలకు ఎగిరి గంతేశాను. ఐదో వాక్యం చూసి కూర్చున్నాను. మళ్లీ అక్కడికే వచ్చాం కదా?

---

పాతకాపు | 9:31

రాలేదు. ఎంత వచ్చిందో చూడండి. బ్యాంకు అన్నారు, 90 రోజులు అన్నారు. సరుకు, రావలసిన బాకీలు చూపి బ్యాంకు అప్పు వాడుకునే సీసీ ఖాతా మీకు ఉండి ఉంటుంది. సామాన్యంగా 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. అవి తీసేశాక మిగిలినదాని మీదే ఎంత వాడుకోనివ్వాలో తేలుస్తుంది. ఇప్పుడు మీ ఆగస్టు బిల్లు సంగతి ఆలోచించండి. కట్టేసిన 1,40,000 వంద రోజుల బాకీగా బ్యాంకు ముందుకు వెళ్తే చెడ్డ బాకీ ఉన్నట్టు కనిపిస్తుంది, మేనేజర్ గారు అక్కడ జవాబు వెతుక్కోవాలి. ఈ సాయంత్రమే బటన్ నొక్కి పంపి ఉంటే అదే జరిగేది. తొందరగా పంపడం వేరు, పనికొచ్చేలా పంపడం వేరు అని ఈ ఒక్క బిల్లే చెబుతోంది.

అందుకని రేపు ఆ 20 పార్టీల్లో కూడా ముందు 90 రోజులు దాటినట్టు కనిపిస్తున్న బిల్లులను పట్టుకోండి. మిగిలినవి తప్పయినా పెద్ద నష్టం లేదు.

---

బెజవాడ_లెక్కలు | 9:36

అవునండీ, సీసీ ఖాతా ఉంది. బ్యాంకు కోసమని ఆయన మొదటే ఒక్క మాట అంటే! మరి “3బి కూడా ముఖ్యమే”కు ఏమనాలి?

---

ఒక_మేనేజర్ | 9:44

‘రెండూ ముఖ్యమే’ అని నేను అన్నప్పుడు దాని అసలు అర్థం ‘ఏదీ జారిపోయిందని రేపు నాకు చెప్పకు’ అని. నిర్ణయం తీసుకోవడం ఇష్టం లేక అంటాను. దానికి మళ్లీ ‘ఏది ముఖ్యం’ అని అడిగితే ఇరుకున పడతాను. ముఖ్యం అడగకండి. ముందు ఏది, తర్వాత ఏది అని మీరే వరుస పేర్చి చెప్పండి. రెండూ ముఖ్యమైనవే కావచ్చు, కానీ 9:30కి మీ చేతిలో ఒకటే ఉంటుంది.

---

పాతకాపు | 9:50

అదే. ప్రశ్నగా కాకుండా సమాచారంగా రాయండి:

“అలాగే సర్. 11:15కు బ్యాంకు లిస్టు ఇస్తాను, 90 రోజులు దాటినవి వేరే షీటులో. వెంటనే 3బి పని మొదలుపెట్టి, పన్ను ఎంతో శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకు చెబుతాను. వేరే వరుసలో కావాలంటే రేపు 9:30లోగా చెప్పండి.”

జవాబు రాకపోయినా మీరు ఆగిపోనవసరం లేదు.

---

నేరుగా_మాట | 9:55

ఇక్కడ నేను గట్టిగా అడ్డు చెబుతాను. జవాబు రాకపోతే నా ఇష్టం అన్నట్టు ఉంది ఇది. పెద్దాయన రాత్రి చూడలేదు, పొద్దున పదింటికి చూశారు, అప్పటికి మీరు మొదలుపెట్టేశారు. ‘నేను ఒప్పుకున్నానా?’ అంటే ఏం చెబుతారు? మౌనం అంగీకారం అన్నది పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో, ఆఫీసులో చెల్లదు. ఒకసారి ఇలా చేసి నేను మెమో తీసుకున్నాను. యజమానికి వెళ్లవలసిన కొటేషన్ అది. ‘అభ్యంతరం ఉంటే చెప్పండి’ అని రాసి పంపేశాను. ధర తప్పు.

---

పాతకాపు | 10:03

మీ కొటేషన్ బయటికి పోయే కాగితం, వెనక్కి తీసుకోలేనిది. దానికి మౌనం చాలదు, అది నిజమే. ఈమెది ఏ పని ముందు మొదలుపెట్టాలన్నది మాత్రమే. పదింటికి ఆయన మార్చమంటే అరగంట నష్టం. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

---

ఒక_మేనేజర్ | 10:08

నేను నేరుగా_మాట గారి పక్షాన ఉన్నాను, కొంతవరకు. కొత్తగా చేరినవారు ఇలా రాస్తే నాకు నచ్చదు. మూడేళ్లుగా ఉన్నవారు రాస్తే గమనించను కూడా. బెజవాడ గారు ఎన్నేళ్లుగా ఉన్నారో?

---

బెజవాడ_లెక్కలు | 10:12

ఏడాదిన్నర. మధ్యలో పడ్డాను! చివరి వాక్యం “వేరే వరుసలో కావాలంటే ఒక్క మాట చెప్పండి సర్, మార్చుకుంటాను” అని మార్చి పంపాను. 9:30 అన్న గడువు తీసేశాను. ఆయన బొటనవేలి గుర్తు పెట్టారు. నిద్రపోతున్నాను.

---

అక్షరం | 10:15

బొటనవేలు అంగీకారమా, ‘చూశాను’ అనడమా అన్నదానికి ఇంకో చర్చ తెరవాలి.

---

బెజవాడ_లెక్కలు | గురువారం, 18వ తేదీ, మధ్యాహ్నం 1:35

ఏం జరిగిందో చెబుతాను. ఉదయం 9:10కే వెళ్లాను. 90 రోజులు దాటినట్టు ట్యాలీలో కనిపించినవి 17 బిల్లులు. వచ్చిన డబ్బు సర్దాక నిజంగా దాటినవి ఆరు. 11:05కు ఇచ్చాను. సార్ రెండో షీటు చూసి “ఆరేనా?” అన్నారు. ఎందుకో చెప్పాను. “మరి పోయిన నెల బ్యాంకుకు ఇచ్చినదాంట్లో?” అన్నారు. పోయిన నెల బటన్ నొక్కి తీసిందే వెళ్లింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన ఫైలు తీసుకుని వెళ్లిపోయారు.

3బిలో 14 పొంతన కుదరనివాటిలో ఐదు తేలాయి. మూడింటిలో మా తప్పే. సరఫరాదారు బిల్లు నంబరు 247 అయితే మేము 274 అని ఎక్కించాం.

---

పాతకాపు | 1:48

పోయిన నెల కూడా అలా వెళ్లిందంటే చిక్కే. ఈసారి ఇచ్చినదానికి, అప్పటిదానికి తేడా ఎందుకని బ్యాంకువారు అడగవచ్చు. ఏ పార్టీ డబ్బు ఏ తేదీన ఏ బిల్లుకు సర్దారో ఒక చిన్న పట్టిక రాసి ఉంచుకోండి. అడిగినప్పుడు వెతుక్కోకుండా ఉంటుంది.

---

మిత్ర77 | 2:02

247, 274 లాంటివి మాకూ జరుగుతాయి. సున్నా బదులు ‘ఓ’ అక్షరం పడటం ఇంకా ఎక్కువ.

---

బెజవాడ_లెక్కలు | సాయంత్రం 4:26

పట్టిక రాసి పెట్టాను. కానీ ఇంకో చిక్కు వచ్చింది. యజమాని గారి అబ్బాయి నేరుగా నాకే మెసేజ్ పెట్టారు. “ఏప్రిల్ నుంచి ట్రాన్స్‌పోర్ట్ ఖర్చులు, పార్టీలవారీగా, ఏఎస్‌ఏపీ”. మేనేజర్ గారికి కాపీ లేదు. నిన్నటి పద్ధతిలోనే గంట పెట్టి అడగబోయాను. కానీ వరుస ఎవరిని అడగాలి? 3బిని వెనక్కి జరపమనడానికి ఆయనకు అధికారం ఉందో లేదో నాకు తెలియదు. మేనేజర్‌కు చెబితే చాడీ చెప్పినట్టు అవుతుందా?

---

నేరుగా_మాట | 4:31

యజమాని కొడుకు అంటే యజమానే. చేసేయండి.

---

ఒక_మేనేజర్ | 4:38

చేసేయకండి. నాకు తెలియకుండా నా మనిషి చేతిలో పని పడిందని నాకు రెండు రోజుల తర్వాత తెలిస్తే, కోపం యజమాని కొడుకు మీద రాదు, మీ మీద వస్తుంది. అన్యాయమే, కానీ అలాగే జరుగుతుంది. ఆ అబ్బాయికి గంట పెట్టి జవాబివ్వండి. వరుస మాత్రం ఆయనను అడగవద్దు. 3బి శుక్రవారం మధ్యాహ్నం 1కి అయిపోతుందన్నారు కాబట్టి, “శుక్రవారం మధ్యాహ్నం 1 వరకు జీఎస్టీ పని ఉంది సర్, శనివారం ఉదయం 11కు మీ లిస్టు ఇస్తాను, అంతకన్నా ముందు కావాలంటే మేనేజర్ గారితో మాట్లాడి వరుస మార్చుకుంటాను” అనండి.

---

పాతకాపు | 4:45

చివరి భాగం నాకు నచ్చలేదు. ‘మేనేజర్ గారితో మాట్లాడి’ అనగానే ఆ అబ్బాయికి బెదిరింపులా ఉంటుంది. ముందు మేనేజర్ గారి దగ్గరికి వెళ్లి, నోటితోనే, ‘చిన్నసారు ట్రాన్స్‌పోర్ట్ లెక్కలు అడిగారు, శనివారం ఇస్తానని చెప్పబోతున్నాను’ అనండి. చాడీ కాదు, ఇంకా జవాబివ్వలేదు కదా. ఆ తర్వాత అబ్బాయికి శనివారం అని మాత్రం రాయండి.

---

ఒక_మేనేజర్ | 4:49

నోటితో చెబితే నేను మరిచిపోతాను. రాసి ఇస్తేనే నయం.

---

బెజవాడ_లెక్కలు | 5:20

సార్ ఇప్పుడే బ్యాంకు నుంచి వచ్చారు. నోటితో చెప్పాను. “శనివారమా? ఆదివారం వాళ్ల ఇంట్లో మాట్లాడుకుంటారేమో, శనివారం సాయంత్రం 5 అని చెప్పు” అన్నారు. ఆయనే గంట చెప్పారు, నేను అడగకుండా! అలాగే రాసి చిన్నసారుకు పంపాను. సార్‌కు కూడా అదే మెసేజ్ పంపాను, మరిచిపోకుండా.

చిన్నసారు జవాబు: “ఓకే. కానీ వీలైతే ముందే.”